ఒకే బడలికను రెండుసార్లు లెక్కేస్తే: హోమ్ కోర్ట్, విశ్రాంతి, ప్రయాణం, మార్కెట్ ధర
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామంది ఇప్పటికే బాస్కెట్‌బాల్‌కి ఏదో ఒక రేటింగ్ మోడల్ తయారు చేసి ఉంటారు కాబట్టి రేటింగ్ అంటే ఏమిటో మళ్లీ చెప్పను. ఈ పూట ఒకే విషయం మాట్లాడతాను. రేటింగుల తేడా చేతికొచ్చాక, దాన్ని బెట్టింగ్ మార్కెట్ ధర పక్కన పెట్టే ముందు మూడు సవరణలు చేస్తాం: సొంత కోర్టు అనుకూలత, విశ్రాంతి రోజులు, ప్రయాణ బడలిక. మూడూ నిజమైనవే. చిక్కల్లా అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండటమే. విడివిడిగా కొలిచి చివర్లో కూడితే ఒకే బడలికను రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు లెక్కేసినట్టవుతుంది. అప్పుడు మార్కెట్‌లో లేని బేరం మన స్క్రీన్ మీద కనిపిస్తుంది.

ఉదాహరణలన్నీ ఎన్‌బీఏ నుంచే తీసుకుంటాను. 30 జట్లు, ఒక్కో జట్టుకు 82 ఆటలు, అందులో 41 సొంత కోర్టులో. అంటే రెగ్యులర్ సీజన్‌లో మొత్తం 1,230 ఆటలు. ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకోండి, మన కొలతలు ఎంత గట్టివో చెప్పడానికి మళ్లీ పనికొస్తాయి.

సొంత కోర్టుతో మొదలుపెడదాం. 1980లలో ఎన్‌బీఏలో ఆతిథ్య జట్టు గెలుపు శాతం 60కి బాగా పైనే ఉండేది. ఈ మధ్య సీజన్లలో అది 54 నుంచి 58 మధ్యకు దిగింది. ప్రేక్షకులు చాలా చోట్ల లేని, ఉన్నా కొద్దిమందే ఉన్న 2020-21 సీజన్‌లో సుమారు 54. కారణాల మీద వాదనలు చాలా ఉన్నాయి: మూడు పాయింట్ల షాట్లు పెరగడం, విమాన ప్రయాణం సుఖంగా మారడం, రిఫరీల మీద నిఘా పెరగడం. వాటిలోకి వెళ్లను. మోడల్ కట్టేవాళ్లకు ముఖ్యమైనది ఒక్కటే: పాతికేళ్ల డేటా అంతా పోగేసి సగటు తీస్తే, ఇప్పుడు ఉనికిలో లేని అనుకూలతను ఈ రాత్రి ఆటకు అంటగడుతున్నట్టే. దగ్గరి సీజన్లకు ఎక్కువ బరువు ఇవ్వండి, కోవిడ్ వల్ల ఒకే ప్రాంగణంలో జరిపిన 2020 ఓర్లాండో బబుల్ ఆటల్ని పూర్తిగా తీసేయండి. అక్కడ ‘హోమ్’ అనే మాట స్కోర్‌బోర్డు మీద మాత్రమే ఉంది. 2023, 2024లో లాస్ వెగాస్‌లో జరిగిన ఎన్‌బీఏ కప్ సెమీఫైనల్స్, ఫైనల్ కూడా అలాంటివే. పారిస్‌లోనో మెక్సికో సిటీలోనో జరిగే ఆటల్లోనూ ఒక జట్టును హోమ్ అని రాస్తారు. డేటాలో ఆ కాలమ్‌ను కళ్లు మూసుకుని నమ్మొద్దు.

ఇప్పుడు అసలు ముడి. ఈ మధ్య సీజన్ల ఆటలన్నీ తీసుకుని ఆతిథ్య జట్టు స్కోరు నుంచి విజిటర్ స్కోరు తీసేసి సగటు కడితే 2.2 పాయింట్లు వచ్చిందనుకుందాం. ఈ అంకె, ఇకమీద రాబోయే గుణకాలు, అన్నీ లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవే. మీ డేటాలో మీవి మీరు తీసుకోండి. ఈ 2.2లో ఏమేం ఉన్నాయి? ప్రేక్షకులు, అలవాటైన కోర్టు, సొంత మంచంలో నిద్ర ఉన్నాయి. వాటితో పాటు విజిటర్ జట్టు విమానంలో వచ్చిందన్న సంగతి కూడా అందులోనే ఉంది. ఇంకా ఒకటి: షెడ్యూల్‌లో వరుసగా రెండు రాత్రులు ఆడాల్సి వచ్చినప్పుడు, అంటే బ్యాక్-టు-బ్యాక్‌లో, రెండో రాత్రి ఆట బయటి ఊళ్లో పడటమే ఎక్కువ. కాబట్టి అలసట కూడా ఆ సగటులోనే దాక్కుని ఉంది.

ఉదాహరణకు విజిటర్లు 23 శాతం ఆటల్లో బ్యాక్-టు-బ్యాక్ రెండో రాత్రిలో ఉన్నారు, ఆతిథ్య జట్లు 12 శాతం ఆటల్లోనే ఉన్నాయి అనుకోండి. అలా ఆడటం వల్ల ఒక జట్టుకు 1.8 పాయింట్ల నష్టం ఉందనుకోండి. తేడా 11 శాతం, దాన్ని 1.8తో హెచ్చిస్తే సుమారు 0.2. అంటే 2.2లో 0.2 సొంత కోర్టు గొప్పతనం కాదు, షెడ్యూల్ చలవ. రెండు జట్లకూ సమానంగా విశ్రాంతి దొరికినప్పుడు మిగిలే అసలు అనుకూలత 2.0. విశ్రాంతిని విడిగా లెక్కేయదలుచుకుంటే మొదలుపెట్టాల్సింది ఈ 2.0 నుంచి.

0.2 ఏపాటిది అంటారా? నిజమే, పెద్దది కాదు. ప్రయాణం దగ్గరికొచ్చేసరికి ఇదే పొరపాటు బాగా పెద్దదవుతుంది. చాలామంది ప్రయాణ ప్రభావాన్ని ఎలా కొలుస్తారంటే, ప్రయాణం చేసిన జట్ల ఫలితాలను చేయని జట్ల ఫలితాలతో పోలుస్తారు. కానీ ప్రయాణం చేసినవాళ్లలో ఎక్కువమంది విజిటర్లే, చేయనివాళ్లలో ఎక్కువమంది ఆతిథ్య జట్లే. అక్కడ కొలిచింది ప్రయాణాన్ని కాదు, హోమ్ అనుకూలతనే, పేరు మార్చి. దాన్ని తెచ్చి 2.2కి కలిపితే ఒకే సరుకుకు రెండుసార్లు బిల్లు కట్టినట్టే.

సరైన ప్రశ్న వేరు. విజిటర్ల ఆటలు మాత్రమే తీసుకుని, వాళ్లలో ఎక్కువ దూరం వచ్చినవాళ్లు తక్కువ దూరం వచ్చినవాళ్లకంటే ఎంత నష్టపోయారు అని అడగాలి. సగటు విజిటర్ పడ్డ బడలిక ఎలాగూ 2.0లో ఉంది కాబట్టి, సవరణ సగటు నుంచి ఉన్న తేడాకే చేయాలి. సగటు 1,300 కిలోమీటర్లు అయి, మీ జట్టు 1,340 వచ్చి ఉంటే, దూరం పేరు మీద కలపాల్సింది దాదాపు సున్నా. అదే న్యూయార్క్ జట్టు సొంత కోర్టులో ఆడాక పక్కనే ఉన్న బ్రూక్లిన్‌కు వెళ్తే దూరం దాదాపు సున్నా, అప్పుడు విజిటర్‌కు కొంచెం తిరిగి ఇవ్వాలి. 2024 వరకు లేకర్స్, క్లిప్పర్స్ లాస్ ఏంజెలెస్‌లో ఒకే అరీనాను పంచుకున్నాయి. ఆ రెండూ తలపడితే విజిటర్ తన రోజువారీ కోర్టులోనే, ఎదుటివాళ్ల టికెట్లు కొన్న ప్రేక్షకుల ముందు ఆడినట్టు. ప్రయాణాన్ని ప్రేక్షకుల నుంచి విడదీసి చూడటానికి ఇంతకన్నా చక్కని సందర్భం దొరకదు, కానీ అలాంటి ఆటలు ఏడాదికి మూడో నాలుగో. వాటితో ఏమీ నిరూపించలేం.

మూడింటినీ ఒకే సమీకరణంలో, ఒకేసారి అంచనా వేస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఇలా:

```
margin = (R_home - R_away) + h
         + b * (b2b_away - b2b_home)
         + k * (km_away - mean_km_away)
```

ఇందులో R జట్టు రేటింగ్, h సొంత కోర్టు అనుకూలత, b బ్యాక్-టు-బ్యాక్ గుణకం, k కిలోమీటర్ల గుణకం. రేటింగులు కూడా అదే మోడల్‌లో తేలాలి, బయటి నుంచి తెచ్చి అతికించకూడదు. ఎందుకంటే సీజన్ మొదటి 20 ఆటల్లో ఒక జట్టు 13 సొంత కోర్టులోనే ఆడి, అలిసిపోయి వచ్చిన విజిటర్లను ఓడించి ఉంటే దాని సగటు తేడా ఉబ్బి కనిపిస్తుంది. ఆ ఉబ్బును రేటింగ్‌లో ఉంచేసి పైన మళ్లీ హోమ్ అనుకూలత కలిపితే, అది రెండోసారి లెక్క. రేటింగులను సున్నా వైపు కొంచెం లాగే రిడ్జ్ పద్ధతి వాడితే సీజన్ ఆరంభంలో అంకెలు పిచ్చిగా ఊగకుండా ఉంటాయి.

డేటా తయారీలో రెండు గోతులున్నాయి, చాలామంది పడేవే. మొదటిది తేదీ. మీ డేటాలో సమయం యూటీసీలో ఉంటే, అమెరికాలో రాత్రి 8.30కి మొదలైన ఆట మరుసటి రోజు తేదీతో నమోదవుతుంది, ఆదివారం మధ్యాహ్నం జరిగిన ఆట మాత్రం అదే తేదీతో ఉంటుంది. ఆ రెండింటి మధ్య రోజులు లెక్కేస్తే శనివారం రాత్రి ఆట, ఆదివారం మధ్యాహ్నం ఆట ఒకే రోజున ఆడినట్టు వస్తుంది, లేదా లేని విశ్రాంతి వచ్చి చేరుతుంది. ఆట జరిగిన ఊరి స్థానిక తేదీనే వాడండి. రెండోది దూరం. జట్టు సొంత ఊరి నుంచి కాదు, క్రితం ఆట జరిగిన ఊరి నుంచి కొలవాలి. పది రోజుల పర్యటన ముగించుకుని నిన్న రాత్రే ఇంటికి చేరిన ఆతిథ్య జట్టు కూడా ప్రయాణం చేసిందే. దాని కిలోమీటర్ల కాలమ్‌లో సున్నా ఉంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఇంకో మాట. విశ్రాంతి గీత గీసినట్టు పెరగదు. సున్నా రోజులకూ ఒక రోజుకూ మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది. ఒకటికీ రెండుకీ మధ్య చాలా చిన్నది. మూడు దాటాక ఏమీ ఉండదు, అందుకే రోజుల సంఖ్యను నేరుగా గుణకంతో హెచ్చించకండి. అలా హెచ్చిస్తే ఆల్-స్టార్ విరామం తర్వాత ఏడు రోజుల విశ్రాంతితో వచ్చిన జట్టుకు మీ మోడల్ అయిదారు పాయింట్లు కానుకగా ఇచ్చేస్తుంది. సున్నా, ఒకటి, రెండు లేక అంతకు మించి అని మూడు గదులు చాలు.

ఇప్పుడు ఒక ఆట పూర్తిగా లెక్క కడదాం. వేదిక డెన్వర్. విజిటర్ జట్టు నిన్న రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఆడింది. ఆట అయ్యేసరికి అక్కడ రాత్రి 10 దాటింది. సుమారు 1,340 కిలోమీటర్లు తూర్పుకు ఎగిరి, దారిలో గడియారం ఒక గంట ముందుకు జరిగి, హోటల్ చేరేసరికి తెల్లవారుజాము. డెన్వర్‌కు మాత్రం రెండు రోజుల విశ్రాంతి. డెన్వర్ సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉందన్నది మీకు తెలిసిందే. సగటు జట్టుతో పోలిస్తే ఆతిథ్య జట్టు రేటింగ్ 3.0, విజిటర్‌ది 4.5. అంటే తటస్థ వేదికలో ఆతిథ్య జట్టు 1.5 వెనకబడి ఉంటుంది.

తొందరపడి కట్టిన మోడల్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. సొంత కోర్టుకు సగటు 2.2. డెన్వర్ ప్రత్యేకతకు గత నాలుగు సీజన్ల డేటాలో కనిపించిన అదనం 1.8. విజిటర్ బ్యాక్-టు-బ్యాక్‌కు 1.8. డెన్వర్ అదనపు విశ్రాంతికి 0.2. ప్రయాణానికి, ఇందాక చెప్పిన తప్పు పద్ధతిలో కొలిచినది, 1.0. అన్నీ కూడి 1.5 తీసేస్తే డెన్వర్ 5.5 పాయింట్లతో గెలుస్తుందని వస్తుంది.

ఒక్కొక్కటీ సరిచేద్దాం. 2.2 బదులు 2.0, కారణం చెప్పాను. ప్రయాణం 1.0 బదులు సున్నా, అదీ చెప్పాను. డెన్వర్ అదనం 1.8 దగ్గర కాస్త ఆగుదాం.

ఒక జట్టు సొంత అనుకూలతను ఎలా కొలుస్తాం? ఇంట్లో సగటు తేడా నుంచి బయట సగటు తేడా తీసేసి సగం చేస్తాం. ఒక ఆట ఫలితం అంచనా చుట్టూ ఊగే ప్రామాణిక విచలనం ఎన్‌బీఏలో 12 నుంచి 13 పాయింట్లు. 12 అనే తీసుకున్నా, 41 ఇంటి ఆటలు, 41 బయటి ఆటలతో ఒక సీజన్‌లో వచ్చే కొలతకు ప్రామాణిక దోషం 1.3 పాయింట్లు. మనం కొలవాలనుకుంటున్న వస్తువే 2 పాయింట్లు! ‘ఈ ఏడాది ఫలానా జట్టు ఇంట్లో పులి’ అని చెప్పుకునే కథల్లో చాలావరకు ఈ ఊగిసలాటే. నాలుగు సీజన్లు కలిపితే దోషం 0.66కి తగ్గుతుంది. జట్టుకూ జట్టుకూ మధ్య అసలు తేడా ప్రామాణిక విచలనం 0.5 అనుకుంటే, చూసిన అదనానికి ఇవ్వాల్సిన బరువు 0.25 భాగించు 0.25, 0.44ల మొత్తం, అంటే 0.36. కాబట్టి 1.8లో 0.36 వంతు, సుమారు 0.6 మాత్రమే మన ఖాతాలోకి వస్తుంది. డెన్వర్ విషయంలో ఎత్తు అనే శారీరక కారణం ఉంది కాబట్టి మీరు కొంచెం ఉదారంగా ఉండాలనుకుంటే ఉండండి, ఆక్షేపించను. మిగతా జట్లకు ఆ ఉదారత వద్దు.

ఇప్పటికి మొత్తం: మైనస్ 1.5, ప్లస్ 2.0, 0.6, 1.8, 0.2. డెన్వర్ 3.1తో ముందుంది. చాలా జాగ్రత్తపరులు ఇక్కడ ఆగిపోతారు. కానీ ఆ బ్యాక్-టు-బ్యాక్ 1.8లో ఇంకో పొర ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

బ్యాక్-టు-బ్యాక్ రెండో రాత్రి జట్లు ఎందుకు ఓడతాయి? కాళ్లు బరువెక్కి కొంత. స్టార్ ఆటగాళ్లను ఆ రాత్రి కూర్చోబెట్టడం వల్ల కొంత. పాత ఫలితాల నుంచి తీసిన 1.8 గుణకంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి, ఎందుకంటే ఆ మోడల్‌కు ఎవరు ఆడారో తెలియదు. ఇప్పుడు మీరు ఈ రాత్రి గాయాల నివేదిక చూసి, విజిటర్ స్టార్ ఆడటం లేదని మూడు పాయింట్లు విడిగా తీశారనుకోండి. 1.8ని అలాగే ఉంచితే అతని గైర్హాజరీలో కొంత భాగాన్ని రెండుసార్లు శిక్షించినట్టే. తమాషా ఏమిటంటే, అతను ఆడుతున్నాడని ఖాయమైనా అదే తప్పు జరుగుతుంది. ఉన్నవాడిని కొంత లేనివాడిగా లెక్కేస్తున్నారు. లైనప్ తెలిసిన క్షణం నుంచి, అది ఏ లైనప్ అయినా సరే, స్వచ్ఛమైన అలసట గుణకానికే మారాలి.

ఆ స్వచ్ఛమైన గుణకం ఎలా వస్తుంది? చారిత్రక డేటాలో ప్రతి ఆటకూ నిజంగా ఆడిన ఆటగాళ్ల విలువలను కూడి జట్టు రేటింగ్ కట్టి, ఆ తర్వాత బ్యాక్-టు-బ్యాక్ గుణకాన్ని మళ్లీ అంచనా వేయాలి. అలా చేస్తే 1.8 కాస్తా 1.1కి దిగిందనుకుందాం. దిగడం మాత్రం ఖాయం, ఎంతన్నది మీ డేటా చెబుతుంది. పైగా ఇది ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది. 2017-18 సీజన్ నుంచి ఎన్‌బీఏ అయిదు రాత్రుల్లో నాలుగు ఆటలు అనే పద్ధతిని తీసేసింది. 2023లో స్టార్లను ఇష్టం వచ్చినట్టు కూర్చోబెట్టకుండా నిబంధన తెచ్చింది. అంతకుముందు డేటాతో తీసిన గుణకం వేరే లోకానిది.

మన ఆటలో విజిటర్ స్టార్ ఆడుతున్నాడని నివేదిక వచ్చిందనుకుందాం. 1.8 పోయి 1.1 వచ్చింది. మొత్తం 2.4.

ఇక మార్కెట్. డెన్వర్ గెలుపు ధర 1.69, విజిటర్ గెలుపు ధర 2.23. ఒకటిని 1.69తో భాగిస్తే 59.2 శాతం, 2.23తో భాగిస్తే 44.8 శాతం. రెండూ కలిపితే 104. ఆ పైనున్న నాలుగు బుక్‌మేకర్ వాటా. మొత్తాన్ని వందకు సరిచేస్తే డెన్వర్‌కు మార్కెట్ ఇస్తున్న అవకాశం 56.9 శాతం. మన వైపు, ప్రామాణిక విచలనం 12.5 పెట్టి నార్మల్ పంపిణీలో చూస్తే 2.4 పాయింట్ల ఆధిక్యం 57.6 శాతం గెలుపు అవకాశం అవుతుంది. దాదాపు ఒకటే. 1.69 ధరకు నష్టం లేకుండా బయటపడాలంటే 59.2 కావాలి, మన దగ్గర అది లేదు. ఇక్కడ చేయాల్సిందేమీ లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి మిగతా రెండు మోడళ్లను చూడండి. లైనప్ పొర సరిచేయని 3.1 పాయింట్లు 59.8 శాతం అవుతుంది. 59.2ని సన్నగా దాటింది, నూటికి ఒక రూపాయి లాభం ఉన్నట్టు చూపిస్తుంది. అంటే ఆ ఒక్క డబుల్ లెక్కే ‘వద్దు’ను ‘సరే’గా మార్చేసింది. ఇక 5.5 పాయింట్ల మోడల్ 67 శాతం అంటుంది, నూటికి 13 లాభం. మార్కెట్ కంటే పది శాతం ఎక్కువ. ఎన్‌బీఏ లాంటి చోట సాధారణ రాత్రిలో పది శాతం తేడా కనిపిస్తే మొదటి అనుమానం మీ మోడల్ మీదే పెట్టుకోండి. షెడ్యూల్ ఆగస్టులోనే విడుదలవుతుంది. ఎవరు ఏ రాత్రి అలిసిపోయి డెన్వర్ వస్తారో నెలల ముందే ప్రపంచమంతటికీ తెలుసు. డెన్వర్ ఎత్తు అంతకన్నా పాత వార్త.

మీ మోడల్‌కు ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. మీ అంచనా మార్కెట్ నుంచి ఎక్కువగా వేరుపడిన ఆటలన్నీ ఒక పక్కన పెట్టండి. వాటిలో సగానికి పైగా ‘విజిటర్ బ్యాక్-టు-బ్యాక్, ఎత్తైన ఊరు, సుదూర ప్రయాణం’ రకానివే అయితే మీరు అలసటను ఎక్కువసార్లు లెక్కేస్తున్నారు. రెండో పరీక్ష మార్కెట్ మీద. ముగింపు లైన్‌ను, అంటే ఆట మొదలయ్యే ముందు మార్కెట్ చివరగా ఇచ్చిన పాయింట్ల తేడాను, ఆతిథ్య జట్టు ఆధిక్యంగా రాసుకుని, అసలు ఫలితం దాని నుంచి ఎంత తప్పిందో చూసి, ఆ తప్పును అలసట వివరిస్తుందేమో అడగండి:

```python
import statsmodels.formula.api as smf

df["resid"] = df["margin"] - df["close_line"]
smf.ols("resid ~ b2b_away + b2b_home + km_away",
        data=df).fit().summary()
```

లైన్ డెన్వర్ -2.5 అని ఉంటే `close_line` +2.5 కావాలి. ఈ గుర్తు తారుమారైతే అద్భుతమైన ఫలితాలు వస్తాయి, సంబరపడకండి. గుణకాలు సున్నా దగ్గరే ఉంటే మార్కెట్ అలసటను సరిగ్గానే లెక్కేసిందని అర్థం. ఈ పరీక్షకు కూడా హద్దుంది. ఒక్క జట్టు మాత్రమే అలిసిపోయి ఉన్న ఆటలు సీజన్‌కు 300 ఉన్నాయనుకుంటే, గుణకం ప్రామాణిక దోషం 12.5 భాగించు 300 వర్గమూలం, అంటే 0.7. ఒక సీజన్ చూసి ‘మార్కెట్ ఒక పాయింట్ తప్పుతోంది’ అని చెప్పలేం. అయిదు సీజన్లు కలిపితే 0.3కి దిగుతుంది, కానీ ఆ అయిదేళ్లలో షెడ్యూల్ పద్ధతి, విశ్రాంతి నిబంధన మారకుండా ఉంటేనే ఆ కలపడం చెల్లుతుంది.

ధర ఏ సమయానిదో కూడా రాసుకోండి. బ్యాక్-టు-బ్యాక్ రెండో ఆటకు గాయాల నివేదిక ఆట రోజునే వస్తుంది. పొద్దున్నటి ధరను, సాయంత్రం లైనప్ తెలిశాక వచ్చిన మీ అంచనాతో పోల్చి ‘మార్కెట్‌ను ఓడించాను’ అంటే అది రేపటి పేపర్ చదివి ఇవాళ జోస్యం చెప్పడం.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(సభలో ఒకరు: ఐస్ హాకీకి ఇదే పద్ధతి వాడొచ్చా సార్?)

చట్రం అదే, లోపలి సరుకు వేరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో సొంత మైదానపు అనుకూలతలో కొంత భాగం నిబంధనల నుంచే వస్తుంది. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను చివరగా మార్చుకునే హక్కు ఆతిథ్య జట్టుది, కాబట్టి ఎదుటి స్టార్ లైన్ మీదకు తనకు కావాల్సిన డిఫెన్స్‌ను దించొచ్చు. అది ప్రేక్షకులున్నా లేకున్నా పోదు. ఇక అలసట. బాస్కెట్‌బాల్‌లో స్టార్ గైర్హాజరీ గురించి చెప్పింది ఇక్కడ గోల్‌కీపర్‌కు, అంటే గోలీకి, పదింతలు వర్తిస్తుంది. వరుస రాత్రుల్లో చాలా జట్లు ఒక రాత్రి మొదటి గోలీని, ఇంకో రాత్రి బ్యాకప్‌ను దించుతాయి. గోలీ పేరు లేకుండా తీసిన బ్యాక్-టు-బ్యాక్ గుణకంలో పెద్ద భాగం బ్యాకప్ గోలీ ప్రభావమే. గోలీ ఖాయమయ్యాక ఆ గుణకాన్ని తగ్గించకపోతే మీ లెక్క మొత్తం పక్కకు ఒరుగుతుంది. ఇంకో జాగ్రత్త, గోల్స్ తేడాను నేరుగా వాడితే చివరి నిమిషాల్లో ఖాళీ నెట్‌లో పడ్డ గోల్స్ దాన్ని ఉబ్బిస్తాయి. వాటిని తీసేసి లెక్కించండి, లేదా షాట్ల నాణ్యత నుంచి వచ్చే ఆశించిన గోల్స్ వాడండి.

(మరొకరు: ప్లేఆఫ్స్‌లో హోమ్ గెలుపు శాతం ఎక్కువగా కనిపిస్తుంది కదా, అక్కడ 2.0ని పెంచాలా?)

ఆ శాతాన్ని చూసి పెంచొద్దు. ప్లేఆఫ్స్‌లో మెరుగైన రికార్డు ఉన్న జట్టుకే మొదటి రెండు ఆటలు, అవసరమైతే అయిదోది, ఏడోది సొంత కోర్టులో వస్తాయి. సిరీస్ నాలుగు లేక ఆరు ఆటల్లో ముగిస్తే ఇంటి ఆటలు చెరిసగం, అయిదు లేక ఏడు ఆటలు సాగితే బలమైన జట్టుకు ఒకటి ఎక్కువ, అంటే మొత్తం మీద ఇంటి ఆటల్లో బలమైన జట్ల వాటా ఎక్కువే. కాబట్టి ఆ ముడి శాతంలో జట్టు బలం కలిసిపోయి ఉంది. రేటింగ్ తేడా పెట్టి చూశాక మిగిలినదెంతో అదే చూడండి. విశ్రాంతి కాలమ్ అక్కడ దాదాపు నిద్రపోతుంది, ఎందుకంటే రెండు జట్లూ ఒకే ఊరి నుంచి ఒకే రోజు ఒకే ఊరికి వెళ్తాయి. పాత డేటా వాడేవాళ్లకు ఒక సూచన: 1985 నుంచి 2013 దాకా ఫైనల్స్ మాత్రం 2-3-2 పద్ధతిలో జరిగాయి, 2014 నుంచి 2-2-1-1-1కి మారాయి. ఆ పాత ఫైనల్స్‌లో అయిదో ఆట ఎవరి ఇంట్లో జరిగిందో మీ స్క్రిప్ట్ ఇప్పటి పద్ధతిని బట్టి ఊహిస్తుంటే, ఆ వరుసల్లో హోమ్ గుర్తు తలకిందులై ఉంటుంది. ముందు అది సరిచేసి, తర్వాత గుణకం చూడండి.